ఎరుపు ఎప్పుడు రావాలి?

పిక్సార్ స్టూడియో 2009లో తీసిన 'అప్' సినిమా మొదట్లో నాలుగు నిమిషాలకు పైగా సాగే ఒక ఘట్టం ఉంది. కార్ల్, ఎల్లీ అనే ఇద్దరి పెళ్లితో మొదలై, ఎల్లీ మరణం తర్వాత కార్ల్ ఒంటరిగా ఇంటికి చేరడంతో అది ముగుస్తుంది. మధ్యలో మాటలు లేవు. మైకేల్ జియాకినో సంగీతం వెంట నడుస్తుంటే ఒక జంట జీవితమంతా కళ్ల ముందు గడిచిపోతుంది. పెద్ద సినిమాలో భాగమే అయినా, విడదీసి చూస్తే అదే ఒక పూర్తి లఘుచిత్రం.

ఆ ఘట్టం ఎందుకంత కదిలిస్తుందని అడిగితే చాలామంది సంగీతం వల్లేనంటారు. కానీ శబ్దం ఆపేసి చూసినా గొంతు పూడుకుపోతుంది. అక్కడ రంగులు, వెలుగు మారే తీరు అలాంటిది. ముదురు గులాబీలో కాస్త ఊదా కలిసినట్టుండే మెజెంటాను ఆ సినిమా ఎల్లీ రంగుగా పెట్టుకుంది. ఆమె ఉన్నంతకాలం ఫ్రేముల్లో ఆ వెచ్చదనం ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. పుట్టబోయే బిడ్డ కోసం ఇద్దరూ గది గోడకు బొమ్మలు వేస్తుంటారు. కెమెరా అక్కడి నుంచి మెల్లగా పక్కకు జరిగి ఆస్పత్రి గదిలోకి వెళ్తుంది. ముద్దుగా, తేటగా ఉన్న గది పోయి మసక వెలుతురులో తలవంచుకుని ఏడుస్తున్న ఎల్లీ కనిపిస్తుంది. ఏం జరిగిందో ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు. చివరికి కార్ల్ చర్చిలో పువ్వుల మధ్య ఒక బెలూన్ పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ గులాబీ వెలుగు ఇంకా కొంచెం మిగిలి ఉంటుంది. అతను లేచి ఇంట్లోకి నడిచేసరికి అదీ ఆరిపోతుంది.

ఇదేదీ చివర్లో కంప్యూటర్ ముందు కూర్చుని అద్దిన మెరుగు కాదు. సినిమా యానిమేషన్ మొదలవక ముందే లూ రొమానో అనే చిత్రకారుడు కథ మొత్తాన్ని చిన్న చిన్న రంగుల బొమ్మలుగా వేసి వరుసగా పేర్చాడు. యానిమేషన్ వాళ్లు దీన్ని 'కలర్ స్క్రిప్ట్' అంటారు. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ'కి ఆర్ట్ డైరెక్టర్‌గా పనిచేసిన రాల్ఫ్ ఎగిల్‌స్టన్ పాస్టెల్ సుద్దలతో ఇలాంటి పట్టీ వేశాడు. అక్కడి నుంచి పిక్సార్‌లో అది ప్రతి సినిమాకూ తప్పనిసరి పనిగా మారింది. మాటల స్క్రిప్టు ఎవరు ఏమంటారో చెబితే, రంగుల స్క్రిప్టు ప్రేక్షకుడి మనసు ఎప్పుడు ఎటు కదలాలో చెబుతుంది.

ఒక్క రంగుకు అర్థం లేదు

ఎరుపంటే కోపం, నీలమంటే దిగులు, పసుపంటే సంతోషం అని పట్టికలు రాసుకోవడం చాలాచోట్ల కనిపిస్తుంది. కొత్తగా లఘుచిత్రం తీసేవాళ్లు మొదట పట్టుకునేదీ వాటినే. కానీ ఆ పట్టికలు ఊరు దాటితే పనిచేయవు. తెలుగువారింట్లో తెల్లచీరకు ఒక తరం దాకా ఉన్న అర్థం వేరు, యూరప్‌లో పెళ్లికూతురి తెల్లగౌనుకున్న అర్థం వేరు. ఒకే ఇంట్లోనూ ఎరుపు కుంకుమలో శుభం, గాయంలో భయం. సినిమాలో రంగుకు అర్థం పుట్టేది దాని పక్కన ఏముంది, దానికి ముందు ఏముంది అన్నదాన్ని బట్టే.

పక్కన ఉన్న రంగు ఎంత పనిచేస్తుందో మొదట శాస్త్రీయంగా పట్టుకున్నది మిషెల్ యూజీన్ షెవ్రల్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త. పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో అద్దకం విభాగానికి ఆయన అధికారి. నల్ల నూలు సరిగ్గా నల్లగా రావడం లేదని ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. అద్దకాన్ని పరీక్షిస్తే లోపం కనిపించలేదు. నీలం, ఊదా దారాల పక్కన నేసినప్పుడే ఆ నలుపు వెలిసినట్టు కనపడుతోందని ఆయన తేల్చాడు. 1839లో దాని మీద పుస్తకం రాశాడు. ఈ రోజు ఏ పెయింటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా దీన్ని పరీక్షించవచ్చు. ఒకే బూడిద రంగు చతురస్రాన్ని నారింజ రంగు నేల మీద పెడితే అది నీలిగా అనిపిస్తుంది, నీలి నేల మీద పెడితే వెచ్చగా అనిపిస్తుంది.

సినిమాలో దీనికి కాలం కూడా తోడవుతుంది. నిమిషం పాటు నీలి వెలుతురు చూస్తే కన్ను దానికి అలవాటు పడిపోతుంది. ఆ నీలమే మామూలుగా తోచడం మొదలవుతుంది. అప్పుడు తలుపు తీసి చిన్న దీపం చూపిస్తే, మధ్యాహ్నపు ఎండ తర్వాత చూపిన అదే దీపం కంటే ఎన్నో రెట్లు వెచ్చగా అనిపిస్తుంది. అందుకే ఒక్కో షాట్‌ను విడిగా అందంగా తీర్చిదిద్దుతూ పోతే పని జరగదు. దీపానికి ఎంత పసుపు వేయాలన్నది దానికి ముందు ఎంతసేపు, ఎంత నీలం నడిచిందో తెలిస్తేనే తేలుతుంది. పట్టీ మొత్తం ఒక్క చూపులో కనపడేలా ముందే వేసుకోవడానికి కారణం ఇదే.

మిర్చి కల్లం నుంచి ఇంటిదాకా

ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి నాలుగు నిమిషాల లఘుచిత్రం ఒకదాన్ని ఊహించుకోవచ్చు. గుంటూరు దగ్గర పల్లె. ఒకామె మిర్చి కల్లంలో కూలికి తాలుకాయలు ఏరుతుంది, తొడిమలు తీస్తుంది. ఏడేళ్ల కూతురు తల్లి వెనకే వచ్చి ఘాటుకు దగ్గుతుంటే తల్లి ఇంటికి పంపేస్తుంది. పిల్ల నడిచి ఇంటికి చేరుతుంది. చీకటి పడుతుంది, కరెంటు పోతుంది. ఒంటరిగా భయపడుతున్న పిల్లకు గుమ్మంలో ఒక నీడ కనపడుతుంది. వచ్చింది తల్లే. కొవ్వొత్తి వెలిగిస్తుంది. పిల్ల కళ్లనీళ్లు తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది, ఎందుకంటే ఆ చేతులనిండా కారం. నీళ్లతో కడిగినా మంట పోదు. పిల్ల కొబ్బరినూనె సీసా తెచ్చి తల్లి అరచేతులకు రాస్తుంది. కథ అంతే. మాటలు అక్కర్లేదు.

మొదట చేయాల్సింది రంగులు ఎంచడం కాదు, కథను మనోభావం మారే చోట్ల ముక్కలు చేయడం. ఈ కథలో అలాంటివి ఆరున్నాయి. కల్లంలో మండుటెండ 35 సెకన్లు, ఇంటికి నడక 45 సెకన్లు, సందె వేళ ఇంట్లో ఎదురుచూపు 50 సెకన్లు, కరెంటు పోయాక చీకటి 45 సెకన్లు, తల్లి రాక 30 సెకన్లు, చివరి ఘట్టం 35 సెకన్లు. మొత్తం 240 సెకన్లు. ఒక్కో ముక్కకు రెండు మూడు చిన్న బొమ్మల చొప్పున పదిహేను దాకా వేస్తే పట్టీ తయారవుతుంది. అగ్గిపెట్టెకు మించిన పరిమాణం అవసరం లేదు. ముఖాల్లో కళ్లూ ముక్కూ వేయకూడదు. వేస్తే చూపు వాటి మీదికి పోయి రంగు ఏం చెబుతోందో తెలియకుండా పోతుంది.

ముందు బూడిదలో

అనుభవం ఉన్న చిత్రకారులు ఆ పదిహేను బొమ్మలనూ మొదట రంగు లేకుండా వేస్తారు. తెలుపు, నడిమి బూడిద, నలుపు అనే మూడు మెట్లు చాలు. దేనికి ఎక్కువ భాగం ఇవ్వాలన్నదే ప్రశ్న. కల్లంలో తెలుపుది పైచేయి, నీడలు పొట్టిగా కాళ్ల కిందే ఉంటాయి, తప్పించుకునే చోటు లేదు. నడకలో నడిమి బూడిద పెరుగుతుంది, నీడలు పొడవుగా సాగుతాయి. కరెంటు పోయిన ఘట్టంలో ముప్పావు వంతు నలుపే. కిటికీ ఒక్కటే బూడిద ముక్కగా మిగులుతుంది. చివరి ఘట్టంలోనూ నలుపు ఎక్కువే, కానీ ఫ్రేము నడుమ ఒక తెల్లని మచ్చ ఉంటుంది, రెండు ముఖాలూ దాని చుట్టూ చేరతాయి.

ఇలా ఎందుకంటే కన్ను ఆకారాన్ని పట్టుకునేది ప్రధానంగా వెలుగునీడల తేడాతోనే. రంగు ఎంత బాగున్నా, ముఖమూ దాని వెనక గోడా ఒకే వెలుగులో ఉంటే ముఖం గోడలో కలిసిపోతుంది. పైగా ఎరుపు, పచ్చ రంగుల తేడా సరిగా తెలియని ప్రేక్షకులు ప్రతిచోటా ఉంటారు, వారిలో మగవాళ్లే ఎక్కువ. కథలో కీలకమైన మలుపు కేవలం రంగు తేడా మీద నిలబడితే వారికి అది అందనే అందదు.

వెలుగే కథగా నడిచిన మంచి ఉదాహరణ 2014లో వచ్చిన 'ది డ్యామ్ కీపర్'. రాబర్ట్ కాండో, దైస్ త్సుత్సుమి తీసిన ఈ చిత్రం 18 నిమిషాలు ఉంటుంది, ఆస్కార్ నామినేషన్ కూడా పొందింది. ఇద్దరూ అంతకుముందు పిక్సార్‌లో ఆర్ట్ డైరెక్టర్లు. ఊరి మీదికి ముంచుకొచ్చే నల్లని మబ్బును ఒక ఆనకట్ట ఆపుతుంటుంది. దాని మీది గాలిమరను రోజూ తిప్పి ఊరిని కాపాడే బాధ్యత ఒక పందిపిల్లది. బడిలో మాత్రం అందరూ వాణ్ని మురికివాడని ఏడిపిస్తారు. ఒక్క నక్కపిల్ల స్నేహం కలుపుతుంది. ఆ స్నేహం తెగిపోయిందని వాడు నమ్మిన రోజు గాలిమర ఆగిపోతుంది, చీకటి ఊళ్లోకి దిగుతుంది. లోపలి దుఃఖం బయటి వెలుతురును నిజంగానే తినేస్తుంది. ఆ చీకటి అంత బరువుగా తోచడానికి కారణం, అంతకుముందు దర్శకులు ఊరికి ఇచ్చిన ఎండ. చెట్లలోంచి, కిటికీల్లోంచి, బడి గదిలోకి పడే లేత వెలుగును ప్రేక్షకుడు అప్పటికే ఇష్టపడి ఉంటాడు. పోగొట్టుకోవడానికి ముందు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా.

ఒక రంగును దాచిపెట్టడం

బూడిద పట్టీ నిలబడిన తర్వాతే రంగుల ఎంపిక. లఘుచిత్రానికి మూడు నుంచి ఐదు రంగు కుటుంబాలు చాలు. మిర్చి కథకు ఎండకు మాడిన నేల గోధుమ, సందె నీలం, ట్యూబులైటు ఇచ్చే కాస్త పచ్చ కలిసిన తెలుపు, కొవ్వొత్తి నారింజ, వీటన్నిటికీ భిన్నంగా మిర్చి ఎరుపు. ఈ ఎరుపును దాచి వాడాలి. కల్లంలో అది ఫ్రేము నిండా పరుచుకుని ఉంటుంది. పిల్ల కల్లం దాటిన క్షణం నుంచి తల్లి తిరిగి వచ్చేదాకా, అంటే రెండు నిమిషాలకు పైగా, తెర మీద ఎక్కడా ఎరుపు కనపడకూడదు.

చెప్పడం తేలికే, పాటించడం కష్టం. ఇంట్లో ఎరుపు లేకుండా చేయాలంటే గోడ మీది క్యాలెండరు, నీళ్ల బకెట్టు, గడప కుంకుమ, పిల్ల జడ రిబ్బను, గ్యాసు బండ అన్నీ చూసుకోవాలి. బ్యాక్‌గ్రౌండ్లు వేసేవారు వేరు, వస్తువులు వేసేవారు వేరు అయితే ఎవరో ఒకరు అందంగా ఉంటుందని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసేస్తారు. ఆ ఒక్క కుర్చీతో రెండు నిమిషాల నిరీక్షణ వృథా అవుతుంది. అందుకే పాలెట్ కాగితం మీద వాడే రంగులతోపాటు ఏ ఘట్టంలో ఏ రంగు నిషిద్ధమో కూడా రాసిపెడతారు.

ఇలా ఒక రంగును పట్టి ఉంచిన చిత్రాల్లో అందరికీ తెలిసింది డిస్నీ వారి 'పేపర్‌మ్యాన్'. జాన్ కార్స్ తీసిన ఈ 2012 చిత్రం నలుపు తెలుపులో నడుస్తుంది. రైల్వే ప్లాట్‌ఫారం మీద గాలికి ఎగిరిన కాగితం ఒకటి ఒకమ్మాయి పెదవులకు తగులుతుంది. దాని మీద పడిన లిప్‌స్టిక్ గుర్తు ఒక్కటే ఎర్రగా ఉంటుంది. ఆ తర్వాత వందల కాగితాల మధ్య ఆ ఒక్క కాగితాన్ని ప్రేక్షకుడు ఇట్టే గుర్తుపడతాడు, అబ్బాయితోపాటు దాని వెంట పరుగెడతాడు. మన దేశంలో గీతాంజలి రావు తీసిన 'ప్రింటెడ్ రెయిన్‌బో' ఇదే సూత్రాన్ని మరో దారిలో నడిపింది. 2006లో కాన్ చిత్రోత్సవపు క్రిటిక్స్ వీక్‌లో బహుమతి పొందిన చిత్రమది. నగరంలో పిల్లితో ఒంటరిగా బతికే ముసలామె గది వెలిసిన బూడిద రంగుల్లో ఉంటుంది. ఆమె దాచుకున్న అగ్గిపెట్టెల బొమ్మల్లోకి వెళ్లినప్పుడు మాత్రం రంగులు పొంగుతాయి. ఆమె ఒంటరితనం లోతు ఆ రంగుల లోకాల నుంచి గదిలోకి తిరిగి వచ్చిన ప్రతిసారీ తెలుస్తుంది.

మిర్చి కథలో ఎరుపు ఇంకో పని కూడా చేయాలి. మొదటిసారి కనపడినప్పుడు అది మంట, దగ్గు, తల్లిని పిల్ల నుంచి విడదీసే పని. రెండోసారి కనపడినప్పుడు అది అమ్మ వచ్చిందన్న గుర్తు. అదే రంగు, అదే కారం, అర్థం తిరగబడింది. ఈ అర్థం ఏ పట్టికలోనూ దొరకదు, ఈ సినిమానే మొదటి 35 సెకన్లలో ప్రేక్షకుడికి దాన్ని నేర్పింది.

నీలి వెలుతురులో ఎరుపు ఏమవుతుంది

ఇక్కడే చాలా చిత్రాలు దెబ్బతింటాయి. పాలెట్‌లో ఎంచుకున్న రంగు తెర మీద కనపడే రంగు కాదు. వస్తువు రంగు, దాని మీద పడే వెలుగు రంగు రెండూ గుణించగా వచ్చేదే కంటికి కనపడుతుంది.

తల్లి చీర రంగును కంప్యూటర్ లెక్కలో ఎరుపు 0.8, ఆకుపచ్చ 0.1, నీలం 0.1 అనుకుందాం. రాత్రి కిటికీ వెలుతురును ఎరుపు 0.3, ఆకుపచ్చ 0.4, నీలం 0.7 అనుకుందాం. గుణిస్తే 0.24, 0.04, 0.07 వస్తుంది. అంటే దాదాపు నల్లటి గోధుమ. దర్శకుడు రెండు నిమిషాలు దాచి ఉంచిన ఎరుపు, తీరా రావాల్సిన క్షణంలో ఎవరికీ కనపడదు. అదే చీర మీద కొవ్వొత్తి వెలుగు పడితే, దాన్ని 1.0, 0.7, 0.4 అనుకుంటే, ఫలితం 0.8, 0.07, 0.04. పూర్తి ఎరుపు. త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఈ గుణకారం దానంతట అదే జరుగుతుంది, టూడీలో చిత్రకారులు 'మల్టిప్లై' లేయర్‌తో చేస్తారు. ఎలా చేసినా సూత్రం ఒకటే.

ఈ ఇబ్బంది మిర్చి కథకు మేలే చేస్తుంది. గుమ్మంలో తల్లి నిలబడినప్పుడు ఆమె నల్లని నీడే. వెనక సందె నీలం, చీర రంగు తెలియదు, పిల్లకూ ప్రేక్షకుడికీ ఒకే భయం. కొవ్వొత్తి వెలిగిన క్షణంలో ఎరుపు పుడుతుంది. వెలుగు మారడమే గుర్తుపట్టడం అయింది. చీర రంగును కృత్రిమంగా పెంచాల్సిన అవసరం రాలేదు.

వెలుగు విషయంలో నిర్ణయించాల్సినవి మూడు. ఎటు నుంచి వస్తోంది, ఎంత మెత్తగా ఉంది, ఏ రంగుది. కల్లంలో ఎండ నెత్తి మీద నుంచి, అంచులు కోసినట్టున్న నీడలతో వస్తుంది. ట్యూబులైటు కూడా పైనుంచే, కానీ నీడలు మెత్తగా, ముఖాలు చప్పగా కనిపిస్తాయి. ఎదురుచూపులోని విసుగుకు ఆ చప్పదనమే తగినది. కొవ్వొత్తి నేల మీద ఉంటుంది కాబట్టి వెలుగు కింది నుంచి వస్తుంది. ఒంటరి ముఖాన్ని కింది నుంచి వెలిగిస్తే భయానకంగా మారుతుందని దయ్యం సినిమాలు చూసిన ఎవరికైనా తెలుసు. అందుకని కొవ్వొత్తిని ముఖాలకు కాస్త పక్కగా, పీట మీద ఎత్తులో పెట్టాలి. తల్లి చీర నుంచి తిరిగి కొట్టే ఎర్రని వెలుగు పిల్ల చెంప మీద పడనివ్వాలి. నీడల్లో మాత్రం కొంచెం సందె నీలం ఉంచాలి. పూర్తిగా నారింజలో ముంచేస్తే, నీలం పక్కన లేనందువల్ల, ఆ వెచ్చదనమే తగ్గిపోతుంది.

వెలుగుల రంగును కొలిచే కెల్విన్ అంకెలు ఇక్కడ దారి చూపిస్తాయి. కొవ్వొత్తిది సుమారు 1900, మధ్యాహ్నపు ఎండది 5500 ప్రాంతం, మన ఇళ్లలోని తెల్ల ట్యూబులైటుది 6500. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎర్రబారుతుంది. ట్యూబులైటు నుంచి కొవ్వొత్తికి ఉన్న దూరం చాలా పెద్దది, అందుకే ఆ మార్పు చెప్పకుండానే ఒంటికి తెలుస్తుంది. అయితే ఈ అంకెలను ఉన్నదున్నట్టు పాటిస్తే చివరి ఘట్టం మొత్తం నారింజ రంగు ముద్ద అవుతుంది. నిజజీవితంలో కన్ను సర్దుకుంటుంది, తెర మీద సర్దుకోవడానికి 35 సెకన్లు చాలవు. చిత్రకారులు కొవ్వొత్తిని కొంత తెల్లబరిచే వేస్తారు.

మార్పు ఏ క్షణంలో

రంగు మారడం ఎంత ముఖ్యమో ఎప్పుడు మారుతుందన్నదీ అంతే ముఖ్యం. వెలుతురు ముందే నీలిబారితే ఏదో చెడు జరగబోతోందని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఆలస్యమైతే అతని మనసు పాత్ర కంటే ముందే దుఃఖంలోకి వెళ్లి, రంగు వెనక పడుతుంది. కరెంటు పోయినప్పుడు మార్పు ఒక్క ఫ్రేములో జరగాలి. సెకనుకు 24 ఫ్రేముల్లో ఒక్కటి. అది బయటి నుంచి వచ్చిన దెబ్బ కాబట్టి కత్తిరించినట్టే ఉండాలి. సందె చీకటి పడటం దానికి పూర్తిగా భిన్నం. ఇంట్లోని 50 సెకన్ల పొడవునా, ప్రతి షాట్‌లోనూ కిటికీ కొద్దికొద్దిగా ముదురుతుంది. ఏ ఒక్క షాట్‌లోనూ మార్పు కంటపడదు. పిల్ల తలెత్తి చూసినప్పుడు చీకటైపోయిందని ఆమెతోపాటే ప్రేక్షకుడూ గమనిస్తాడు. కొవ్వొత్తి ఈ రెంటికీ నడుమ ఉంటుంది. అగ్గిపుల్ల గీసినప్పుడు ఒక్కసారి భగ్గుమని, తగ్గి, వత్తి అంటుకున్నాక రెండు మూడు సెకన్లలో నిలకడగా పెరగాలి. ఆ రెండు మూడు సెకన్లే పిల్ల ముఖం భయం నుంచి తేరుకునే సమయం.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడం

షాట్లకు రంగులు, వెలుగు పూర్తయ్యాక సినిమాను మళ్లీ పట్టీగా మార్చి చూడాలి. ఐదు సెకన్లకు ఒక ఫ్రేము చొప్పున తీస్తే నాలుగు నిమిషాల చిత్రానికి 48 బొమ్మలు వస్తాయి. వరుసకు ఎనిమిది చొప్పున ఆరు వరుసలు పేర్చి, నాలుగు అడుగుల దూరం నుంచి చూడాలి. మొదట వేసుకున్న పట్టీని పక్కన పెట్టుకుంటే తేడాలు వెంటనే దొరుకుతాయి.

తరచూ దొరికే తప్పులు కొన్నే. మొదటిది, అన్ని బొమ్మలూ సమాన గాఢతతో మెరిసిపోవడం. ఏ షాట్‌కు ఆ షాట్ పోటీపడి అందంగా తయారైందన్నమాట. అప్పుడు చివరి ఘట్టానికి రంగు పెంచడం కాదు, ముందు ఘట్టాలకు తగ్గించాలి. రెండోది, సాయంత్రం నడకా కొవ్వొత్తి ఘట్టమూ ఒకేలా నారింజగా ఉండటం. మిర్చి కథలో ఇది తప్పకుండా ఎదురయ్యే చిక్కు. నడకను ఎండుగడ్డి పసుపు వైపు, చివరి ఘట్టాన్ని ఎరుపు వైపు జరిపితే రెంటికీ పోలిక పోతుంది. మూడోది, చీకటి ఘట్టం. ఎడిటింగ్ గదిలో, మంచి మానిటర్ మీద అందంగా కనపడిన చీకటి, పగటిపూట బస్సులో ఫోను పట్టుకున్న ప్రేక్షకుడికి నల్లని అద్దంలా కనపడి తన ముఖమే చూపిస్తుంది. లఘుచిత్రాలను ఇప్పుడు ఎక్కువమంది చూసేది ఫోన్లలోనే కాబట్టి, ఫోను వెలుగు సగానికి తగ్గించి, వరండాలో కూర్చుని ఆ 45 సెకన్లు చూడాలి. పిల్ల ఆకారం కనపడకపోతే చీకటిని తగ్గించనక్కర్లేదు. కిటికీ నుంచి ఆమె జుట్టు మీద, భుజం మీద ఒక సన్నని నీలి అంచు వేస్తే చాలు. చీకటి చీకటిగానే ఉంటుంది, పిల్లా కనపడుతుంది.

చివరి పరీక్షకు కథ తెలియని నలుగురు కావాలి. శబ్దం లేకుండా సినిమా వేసి, మనసు మారినట్టు అనిపించిన ప్రతిచోటా చెయ్యెత్తమనాలి. ఎవరు ఏ సెకనులో చెయ్యెత్తారో కాగితం మీద రాసుకోవాలి. కరెంటు పోయిన చోట, కొవ్వొత్తి వెలిగిన చోట చేతులు లేస్తే పట్టీ పనిచేసినట్టే. తల్లి గుమ్మంలో నీడగా ఉన్నప్పుడే ఎవరైనా ఊపిరి పీల్చుకుంటే ఆమె చీర రంగు ముందే తెలిసిపోతోందని అర్థం. ఆ షాట్‌లో గుమ్మం వెనక వెలుతురు తగ్గించి మళ్లీ వేయాలి.